షాంపూ మీద ట్యాక్స్ ఉంది, కటింగ్ మీద లేదు. ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మొన్న అక్కడికి వెళ్లినప్పుడు షాంపూ కొంటే 8.25 శాతం ట్యాక్స్ వేశారు, పక్కనే కటింగ్ చేయించుకుంటే బిల్లులో ట్యాక్సే లేదు. మన హన్మకొండలో పెద్ద సెలూన్‌కు పోతే జీఎస్‌టీ వేస్తున్నారు. అక్కడ సేవలను ఎందుకు వదిలేశారు? అన్నిటి మీదా వేస్తే రేటు తగ్గుతుందంటారు, నిజమేనా?

తగ్గుతుంది సార్. కానీ జనం చెప్పుకునేంత తగ్గదు. కాగితం మీద లెక్క వేస్తే 9 శాతం పన్ను నాలుగు లోపలికి దిగిపోయేటట్టు కనిపిస్తుంది. మినహాయింపులు, చిన్న వ్యాపారులు పోగా అది ఏడున్నర దగ్గర ఆగుతుంది. ఆ లెక్క కింద వేసి చూపిస్తాను.

ఇక సేవలను వదిలేయడం సంగతి. కటింగ్‌కు పన్ను వద్దని ఎవరో కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదది. అమ్మకం పన్ను చట్టాలు రాసిన రోజున "వస్తువుల అమ్మకం" అనే మాట దగ్గర గీత గీశారు. ఆ గీతకు అవతల ఉన్నవన్నీ వాటంతట అవే బయట ఉండిపోయాయి.

నేను వరంగల్‌లో ముప్పై ఏళ్లకు పైగా పన్నుల ప్రాక్టీసు చేస్తున్నాను. సేల్స్ ట్యాక్స్ రోజులు, వ్యాట్ రోజులు, ఇప్పుడు జీఎస్‌టీ, మూడూ చూశాను. ఎనుమాముల మార్కెట్ పత్తి వ్యాపారుల నుంచి ఫంక్షన్ హాళ్ల వరకు అందరి పద్దులూ నా టేబుల్ మీదికి వచ్చాయి. అందుకే ఈ గీత వల్ల ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పగలను.

ముందు ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అమెరికాలో రాష్ట్రాల అమ్మకం పన్నులు చాలావరకు 1930ల మహా మాంద్యంలో పుట్టాయి. ఆస్తి పన్ను వసూళ్లు పడిపోయాయి, ఖజానాలు ఖాళీ అయ్యాయి, వెంటనే డబ్బు కావాలి. మిసిసిపీ లాంటి రాష్ట్రాలు ముందు మొదలుపెట్టాయి, మిగతావి వెనక నడిచాయి. చట్టంలో పన్ను దేని మీద అంటే, కంటికి కనిపించి చేతికి అందే చర వస్తువు మీద అని రాశారు. ఆ రోజుల్లో ఇంటి ఖర్చులో పెద్ద భాగం బట్టలు, సామాన్లే కాబట్టి ఆ మాటతో పని జరిగిపోయింది. ఇప్పుడు అమెరికా కుటుంబాలు పెట్టే ఖర్చులో సుమారు మూడింట రెండొంతులు సేవలే. ఖర్చు అటు జరిగింది, చట్టంలోని మాట ఇక్కడే ఉంది. మీ అబ్బాయి ఉండే టెక్సస్‌లో పచ్చిక కోసే పని లాంటి కొన్ని సేవలను పేరు పెట్టి చేర్చారు. కటింగ్ పేరు ఆ జాబితాలో లేదు, అంతే.

మన దగ్గరా కథ అలాగే మొదలైంది. 1935 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాలకు "వస్తువుల అమ్మకం" మీద పన్ను వేసే అధికారం ఇచ్చింది. దాన్ని పట్టుకుని 1939లో రాజాజీ ప్రభుత్వం మద్రాసులో సాధారణ అమ్మకం పన్ను తెచ్చింది. మనం నిజాం రాజ్యంలో ఉన్నవాళ్లం కాబట్టి మనకు 1950లో హైదరాబాద్ చట్టం వచ్చింది, ఆ తర్వాత 1957లో ఆంధ్రప్రదేశ్ చట్టం. రాజ్యాంగంలో కూడా రాష్ట్రాలకు దక్కింది వస్తువుల అమ్మకం, కొనుగోలు మీద పన్నే.

1958లో ఒక కట్టడాల కంపెనీకి, మద్రాసు రాష్ట్రానికి మధ్య నడిచిన గానన్ డంకర్లీ కేసులో సుప్రీంకోర్టు ఆ గీతను ఇంకా గట్టి చేసింది. ఇల్లు కట్టి ఇవ్వడం అనేది ఒకే ఒప్పందం, అందులో వాడిన సిమెంటును, ఇనుమును విడిగా అమ్మినట్టు కాదు, కాబట్టి రాష్ట్రం దాని మీద అమ్మకం పన్ను వేయలేదు అని చెప్పింది. అంటే సేవే కాదు, సేవతో కలిసిపోయిన వస్తువు కూడా పన్ను దాటిపోయింది. దాన్ని సరిచేయడానికి 1982లో రాజ్యాంగాన్నే సవరించాల్సి వచ్చింది. అసలు సేవల మీద పన్ను 1994 జులైలో గానీ రాలేదు. అది కూడా కేంద్రం వేసింది, టెలిఫోను, షేర్ బ్రోకర్లు, జనరల్ ఇన్సూరెన్స్ అనే మూడిటి మీదే, 5 శాతం చొప్పున.

రెండు దేశాలకూ ఒక తేడా ఉంది. జీఎస్‌టీ రాకముందు మన రాష్ట్రాలకు సేవలన్నిటి మీద పన్ను వేసే అధికారం లేదు. అమెరికా రాష్ట్రాలకు ఆ అధికారం ఉంది. మొదట రాయలేదు, తర్వాత రాద్దామంటే ప్రతి వృత్తివాళ్లూ అడ్డం తిరిగారు.

రెండో కారణం వసూలు చేసే తీరు. దీని గురించి పుస్తకాల్లో తక్కువ రాస్తారు గానీ, ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు బాగా తెలుసు. పాత సేల్స్ ట్యాక్స్ వ్యవస్థ మొత్తం వస్తువు కదలిక మీద నిలబడింది. లారీ చెక్‌పోస్టు దగ్గర ఆగేది, వేబిల్లు చూపించాలి. అధికారి గోదాముకు వచ్చి బస్తాలు లెక్కపెట్టేవాడు. కొన్న సరుకు నూరు, మిగిలింది నలభై, మరి అమ్మినట్టు రాసింది యాభయ్యే, ఆ పది ఎక్కడ పోయింది అని అడిగేవాడు. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక కిరాణా హోల్‌సేల్ షాపులో మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి దాకా నూనె డబ్బాలు లెక్కపెట్టడం చూశాను. హమాలీ ఒక్కో వరుస దించుతుంటే ఇన్‌స్పెక్టర్ సుద్దముక్కతో గోడ మీద గీతలు పెట్టేవాడు. ఆ గీతలనూ స్టాక్ రిజిస్టరునూ పక్కపక్కన పెడితే దొంగలెక్క బయటపడేది.

కటింగ్‌కు ఇదంతా ఎక్కడుంది? దాన్ని లారీలో ఎక్కించరు, గోదాములో పెట్టరు, సాయంత్రానికి షాపులో మిగిలి ఉండదు. రోజుకు ఎన్ని తలలు కత్తిరించారో షాపు ఓనర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. పైగా చిన్న చిన్న షాపులు వేలల్లో ఉంటాయి. ఒక్కొక్కరి దగ్గర వచ్చే పన్ను కంటే వెంటపడే ఖర్చే ఎక్కువ. అందుకే చట్టంలో మాట మార్చినంత మాత్రాన సేవల పన్ను ఖజానాకు చేరదు.

గీత ఉన్నచోట బిల్లు వంకర తిరుగుతుంది. వ్యాట్ వచ్చిన మొదటి ఏళ్లలో నా దగ్గరికి ఒక ఫర్నిచర్ వ్యాపారి వచ్చాడు. బెడ్‌రూమ్ అల్మారాలు చేయించి ఇంటికి తెచ్చి బిగించేవాడు. అప్పుడు పన్ను 12.5 శాతం. 20,000 రూపాయల అల్మారాకు మొత్తం బిల్లు వేస్తే పన్ను 2,500. అతను 15,000 అల్మారాకు, 5,000 "ఫిట్టింగ్ చార్జీలు" అని రెండుగా రాసేవాడు. అప్పుడు పన్ను 1,875. అల్మారాకు 625 రూపాయలు మిగిలేవి, అందులో సగం కస్టమర్‌కు తగ్గించేవాడు. కస్టమర్‌కూ సంతోషమే.

ఒకరోజు నోటీసు వచ్చింది. అధికారి అడిగింది ఒకే ఒక్క మాట: వడ్రంగులకు ఎంత ఇచ్చారు? కూలీ రిజిస్టరు తీస్తే అల్మారాకు ఇద్దరు మనుషులు పూటసేపు పని చేశారు, ఇద్దరికీ కలిపి 600 కూడా కాలేదు. ఇంకొకటి నేనే గమనించాను. అన్ని బిల్లుల్లోనూ ఫిట్టింగ్ సరిగ్గా పావు వంతే ఉంది. మూడో అంతస్తుకు మోసి బిగించినదానికీ, కింద గదిలో నిలబెట్టి వచ్చినదానికీ ఒకే లెక్క. నిజంగా చేసిన పనికి చార్జీలు అలా ఒకే కొలతలో ఉండవు. ఆ కేసులో చార్జీల్లో ఎక్కువ భాగాన్ని ధరలోనే కలిపేశారు. తేడా పన్ను, పెనాల్టీ కట్టి బయటపడ్డాడు.

అతను చేసింది తప్పే. కానీ ఆ తప్పుకు చట్టమే తలుపు తెరిచి పెట్టింది. ఒక పక్క 12.5, ఇంకో పక్క సున్నా ఉంటే బిల్లు రాసే ప్రతివాడి చెయ్యీ సున్నా వైపు జరుగుతుంది. ఫొటో స్టూడియోలదీ ఇదే గొడవ. ఆల్బమ్ అమ్మారా, ఫొటో తీసిన పనికి డబ్బు తీసుకున్నారా అన్నది ఏళ్ల తరబడి నడిచింది. సుప్రీంకోర్టు 2000లో స్టూడియోల వైపు, 2015లో రాష్ట్రాల వైపు చెప్పింది. రెంటికీ ఒకే రేటు ఉంటే ఈ ప్రశ్న పుట్టదు. సేవలను కలపడం వల్ల వచ్చే పన్ను కంటే, ఈ పంచాయతీలు తగ్గడమే పెద్ద లాభం అని నా అనుభవం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు లెక్క. ఒక ఇల్లు తీసుకుందాం, నెల ఖర్చు 30,000. ఇవి నేను అర్థం కావడానికి వేసుకున్న అంకెలు, సర్వే కాదు.

బియ్యం, కూరగాయలు, పాలు 6,000, వీటికి పన్ను లేదు. బట్టలు, సబ్బులు, సామాన్లు లాంటి పన్ను పడే వస్తువులు 10,000. మిగిలిన 14,000 సేవలు. అందులో ఇంటి అద్దె 5,000, స్కూలు ఫీజు 4,000, డాక్టరు ఖర్చు 2,000. ఫోను, ఇంటర్నెట్, హోటలు, కటింగ్, బండి రిపేరు అన్నీ కలిపి 3,000.

వస్తువుల మీదే పన్ను ఉండి రేటు 9 శాతం అనుకుంటే ఈ ఇంటి నుంచి ప్రభుత్వానికి 900 వస్తుంది. ఇప్పుడు సేవలన్నిటినీ కలుపుదాం. పన్ను పడే ఖర్చు 10,000 నుంచి 24,000కు పెరిగింది. అదే 900 రావాలంటే 3.75 శాతం చాలు. టీవీ చర్చల్లో చెప్పేది ఈ అంకెనే.

కానీ ఇంటి అద్దె మీద, పిల్లల ఫీజు మీద, ఆసుపత్రి బిల్లు మీద పన్ను వేసే ప్రభుత్వాలు చాలా తక్కువ. మన జీఎస్‌టీలోనూ నివాసానికి ఇచ్చే ఇంటి అద్దె, స్కూలు చదువు, వైద్యం మినహాయింపులోనే ఉన్నాయి. వాటిని తీసేస్తే సేవల్లో మిగిలేది 3,000. మొత్తం 13,000 మీద 900 రావాలంటే రేటు 6.9 అవుతుంది.

ఆ 3,000లో కూడా అంతా చిక్కదు. వీధి చివరి కటింగ్ షాపు, బండి మెకానిక్, ఇంటికొచ్చే ఎలక్ట్రీషియన్ లాంటి వాళ్లు రిజిస్ట్రేషన్ పరిమితి లోపలే ఉంటారు. మన దగ్గర సేవలకు ఆ పరిమితి ఏడాదికి 20 లక్షల టర్నోవర్. వాళ్ల దగ్గర ఖర్చయ్యే 1,000 తీసేస్తే మిగిలింది 12,000. అప్పుడు రేటు 7.5.

అంటే తొమ్మిది నుంచి ఏడున్నరకు. ఇది చిన్న తగ్గింపు కాదు, కానీ సగానికి సగం కూడా కాదు. ఎవరైనా మీకు రేటు సగం అవుతుందని చెబితే, అద్దె, స్కూలు, ఆసుపత్రి మీద కూడా వేస్తారా అని అడగండి. వేయం అంటే ఆ సగం మాట నిలబడదు. నిజంగా అన్నిటి మీదా వేసే చోటు ఒకటుంది, హవాయి. అక్కడ ఇంటి అద్దె, కిరాణా సరుకులు సహా దాదాపు అన్నిటి మీదా పన్ను ఉంటుంది, రాష్ట్రం రేటు 4 శాతమే. సౌత్ డకోటా కూడా సేవల్లో చాలావాటి మీద వేస్తుంది, 2023 నుంచి రాష్ట్రం రేటు 4.2. మీ టెక్సస్ రాష్ట్రం రేటు 6.25, దానికి స్థానిక పన్ను 2 కలిస్తే డాలస్‌లో మీరు చూసిన 8.25. హవాయిలో, సౌత్ డకోటాలో కూడా స్థానిక పన్ను కలుస్తుంది కాబట్టి, పోల్చేటప్పుడు రాష్ట్రం రేటును రాష్ట్రం రేటుతోనే పోల్చాలి.

పేదల మీద భారం పడదా అని అడుగుతారు. అదే 7.5 తీసుకుని చూడండి. నెలకు 12,000 ఖర్చుపెట్టే ఇంట్లో పన్ను పడే వస్తువులు 5,000, పన్ను పడే సేవలు 600 అనుకుందాం. ముందు 450 కట్టేవాళ్లు, ఇప్పుడు 420. నెలకు 80,000 ఖర్చుపెట్టే ఇంట్లో వస్తువులు 25,000, సేవలు 15,000. ముందు 2,250, ఇప్పుడు 3,000. జిమ్ములు, ఈవెంట్ వాళ్లు, ఇంటీరియర్ డిజైనర్లు, పెద్ద హోటళ్ల ఖర్చు ఏ ఇంట్లో ఎక్కువ ఉంటుందో మనకు తెలుసు. సేవలను వదిలేసిన పన్నులో కూలీ మనిషి కొనే ఇస్త్రీ పెట్టెకు పన్ను ఉంటుంది, డబ్బున్నవాళ్లు పెట్టుకునే వెడ్డింగ్ ప్లానర్‌కు ఉండదు. నాకు ఈ ఒక్క కారణం చాలు, సేవలను కలపాలి అనడానికి.

అయితే ఎలా కలపాలన్నది చాలా ముఖ్యం. ఇక్కడే ఫ్లోరిడా బోల్తా పడింది. 1987 జులైలో ఆ రాష్ట్రం ఒక్కసారిగా చాలా సేవల మీదికి 5 శాతం పన్ను తెచ్చింది. గవర్నర్ బాబ్ మార్టినెజ్ మొదట సమర్థించాడు. లాయర్లు, అకౌంటెంట్లు, బిల్డర్లతో పాటు ప్రకటనలు కూడా అందులో ఉన్నాయి. దేశమంతా వచ్చే ప్రకటనలో ఫ్లోరిడా వాటా ఎంతో లెక్కగట్టి పన్ను కట్టాలన్నారు. పెద్ద కంపెనీలు అక్కడ ప్రకటనలు ఆపేశాయి, ఆ రాష్ట్రంలో జరగాల్సిన సమావేశాలు రద్దయ్యాయి, పేపర్లు, టీవీలు మొత్తం ఎదురు తిరిగాయి. డిసెంబరులోనే చట్టం రద్దు చేశారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? 1988 ఫిబ్రవరిలో మామూలు అమ్మకం పన్నును 5 నుంచి 6కు పెంచారు. సేవలు బయటికి పోయినందుకు పన్ను పడే ప్రతి వస్తువు మీదా ఒక శాతం ఎక్కింది. మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు దొరకలేదు. అక్కడ రాష్ట్రం రేటు ఇప్పటికీ 6.

ఫ్లోరిడాలో గోల వెనక స్వార్థం ఉంది, నిజమే. కానీ వాళ్లు చెప్పినదాంట్లో న్యాయమైన భాగం కూడా ఉంది. వ్యాపారం కోసం కొనే సేవ మీద కూడా ఆ పన్ను పడేది. మన చౌరస్తాలో ఒక బట్టల షాపు అనుకోండి. అకౌంట్స్ రాయించుకోవడానికి నాలాంటి వాడికి ఏడాదికి 1,00,000 ఇస్తాడు. దాని మీద 7.5 శాతం అంటే 7,500. దాన్ని తిరిగి రాబట్టుకునే దారి లేకపోతే చీరల ధరలో కలిపేస్తాడు. కస్టమర్ ఆ ధర మీద మళ్లీ 7.5 కడతాడు. పన్ను మీద పన్ను. పైగా పెద్ద షోరూమ్‌వాడు జీతానికి సొంత అకౌంటెంట్‌ను పెట్టుకుంటాడు, జీతం మీద ఈ పన్ను లేదు. దెబ్బ తగిలేది బయటి మనిషికి పని ఇచ్చే చిన్న షాపుకే.

దీనికి రెండు దారులున్నాయి. అమ్మకం పన్ను ఉన్న రాష్ట్రమైతే, వ్యాపారం కొనే సేవలను మినహాయించి, ఇంటివాళ్లు కొనే సేవల మీదే పన్ను వేయాలి. లేదంటే మన జీఎస్‌టీలాగా అందరి మీదా వేసి, వ్యాపారి కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి ఇవ్వాలి. రెండో దారికి ఇంకో లాభం ఉంది. పైన చెప్పిన సుద్దగీతల పని కాగితమే చేస్తుంది. నా ఫీజు బిల్లు మీద క్రెడిట్ కావాలంటే బట్టల షాపువాడే నన్ను బిల్లు అడుగుతాడు, నేను రిటర్ను వేశానా లేదా చూసుకుంటాడు. కానీ ఆ గొలుసు చివరి మెట్టు దగ్గర తెగుతుంది. కటింగ్ చేయించుకున్న మనిషికి క్రెడిట్‌తో పని లేదు, బిల్లు అడగడు.

మన దగ్గర 2017కు ముందు ఫ్యాక్టరీ దగ్గర ఎక్సైజ్ 12.5, దాని పైన తెలంగాణ వ్యాట్ 14.5 కట్టిన వస్తువులు చాలా ఉండేవి. ఫ్యాక్టరీ ధర 100 ఉన్నది, మధ్యలో ఎవరి లాభమూ కలపకుండానే, 128.8 అయ్యేది. అప్పుడు సేవల మీద 15 శాతం సెస్సులతో కలిపి. జీఎస్‌టీ రాకముందు అప్పటి కేంద్ర ప్రధాన ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ కమిటీ 2015లో లెక్క వేసి, వస్తువులనూ సేవలనూ కలిపేస్తే పాత ఆదాయం తగ్గకుండా ఉండే సగటు రేటు 15 నుంచి 15.5 అని చెప్పింది. ఇప్పుడు చాలా వస్తువులు, సేవలు 18 దగ్గర కలిశాయి. వస్తువుకు తగ్గింది, సేవకు మూడు శాతం పెరిగింది. పన్నును వెడల్పు చేసినప్పుడు ఇలాగే ఉంటుంది, ఒకరికి తగ్గేది ఇంకొకరికి కొంత పెరిగే తగ్గుతుంది. రేటు తగ్గుతుందని చెప్పేవాళ్లు ఈ రెండో సగం కూడా చెప్పాలి.

చివరగా మీ హన్మకొండ సెలూన్ బిల్లు. ముందు పైన జీఎస్‌టీ నంబరు ఉందో లేదో చూడండి. పదిహేను అక్షరాలుంటాయి, తెలంగాణది 36తో మొదలవుతుంది. నంబరు లేకుండా "జీఎస్‌టీ" అని డబ్బు తీసుకుంటే అది పన్ను కాదు, ఇవ్వక్కర్లేదు. నంబరు ఉన్నా "కాంపోజిషన్" అని, అంటే చిన్న వ్యాపారి తన టర్నోవర్ మీద తానే కట్టుకునే పథకమని, రాసి ఉంటే మీ దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు.

2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్ సేవలకు 18 తీసేసి 5 చేశారు, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా. దీని అర్థం ఒక లెక్కతో చెబుతాను. నెలకు 4,00,000 బిల్లింగ్ ఉన్న సెలూన్. షాపు అద్దె 60,000, దాని మీద 18 శాతం 10,800. క్రీములు, షాంపూల మీద ఇంకో 4,000 పన్ను అనుకుందాం. ముందు ఈ 14,800ను క్రెడిట్‌గా తీసుకునేవాడు, ఇప్పుడు అది అతని ఖర్చు. వంద రూపాయల బిల్లింగ్‌కు 3.70 చొప్పున పడుతుంది. కాబట్టి ముందు 1,000 ఉన్న సర్వీసును అతను 1,037కు పెంచితే అందులో న్యాయం ఉంది. దాని మీద 5 శాతం కలిపితే మీరు కట్టేది సుమారు 1,090. ముందు 1,180 కట్టేవారు.

ఇప్పటికీ 1,180 తీసుకుంటుంటే అసలు ధర 1,124 అయిందన్నమాట. అందులో 37 పోయిన క్రెడిట్‌ది, మిగతా 87 సెలూన్‌వాడు పెంచుకున్నది. పాత బిల్లు ఇంట్లో ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి, పన్ను కలపకముందు ఉన్న ధర చూడండి.